వైరాగ్యం పెట్టుబడిని కన్నదా?

ఆధునిక పెట్టుబడిదారీకి ప్రొటెస్టెంట్ క్రైస్తవుల వైరాగ్యం ఊపిరి పోసిందని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904-05లో చేసిన వాదన తెలిసిందే. మోక్షం ఎవరికన్నది దేవుడు ముందే నిర్ణయించాడని నమ్మిన కాల్విన్ శాఖ ప్రొటెస్టెంట్లకు, తాము ఎంపికైనవాళ్లమో కాదో తెలియని బెంగ పట్టుకుంది. వృత్తిలో క్రమశిక్షణ, దాని ఫలితం వాళ్లకు ఊరటనిచ్చే గుర్తులయ్యాయి. సంపాదించారు, భోగానికి ఖర్చుపెట్టలేదు. మిగిలింది మళ్లీ వ్యాపారంలోకే వెళ్లింది.

పొదుపు ఒక్కటే చాలేట్టయితే విజయనగరం గంటస్తంభం వీధి షావుకార్లకు కాల్విన్‌తో పనిలేదు. చిట్టా, ఆవర్జా వాళ్లకూ తెలుసు. వెబర్ కూడా పొదుపు దగ్గర ఆగలేదు, పనినే దైవవిధిగా మలుచుకోవడం గురించి చెప్పాడు. అందుకే ఈ అభ్యంతరం ఆయనకు పెద్దగా తగలదు.

తగిలేది కాలక్రమం. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్లు పుట్టుకొచ్చిన మతసంస్కరణకు ముందే ఫ్లోరెన్స్, వెనిస్‌లలో బ్యాంకులు, జంటపద్దు లెక్కలు ఉన్నాయి. 17వ శతాబ్దంలో మన పక్కనే భీమునిపట్నంలో దిగిన డచ్చి కంపెనీది కాల్విన్ మతం బలంగా ఉన్న దేశమే. కానీ దాని లాభాల వెనుక గుత్తాధికారం, ఫిరంగులు ఉన్నాయి. అలాంటి దోపిడీ వ్యాపారం ఆధునిక పెట్టుబడిదారీ కాదని వెబర్ వేరుచేస్తాడు. నాకు అది కాస్త అనుకూలమైన విభజనలాగే కనిపిస్తుంది.

19వ శతాబ్దపు జర్మన్ రాజ్యం ప్రష్యా లెక్కలతో ఆర్థికవేత్తలు బెకర్, వోస్‌మన్ 2009లో మరో దారి చూపారు: ప్రొటెస్టెంట్ల ముందంజకు కారణం బైబిల్ చదవడానికి నేర్చిన అక్షరాలు. అలాగైతే మతం పాత్ర పోదు, బడి గుండా నడుస్తుంది. వెబర్ చెప్పిన బెంగకు మాత్రం అందులో చోటు తక్కువే.