మూర్తిగారి వీడ్కోలు సభలో నా రెండు ముక్కలు

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక గుట్టు విప్పాలి. ఈ సభ ఐదింటికని మీ అందరికీ చెప్పాం. మూర్తిగారికి మాత్రం నాలుగింటికని చెప్పాం. ఆయన ఐదుకి పది నిమిషాల ముందు వచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, "ఏంటయ్యా, ఎవరికీ టైమంటే లెక్కే లేదు" అని నా మీద విసుక్కున్నారు. సార్, ఈ మాట మీ నోట వినడానికి ఆఫీసంతా ఇన్నేళ్లు కాచుకుని కూర్చుంది.

ఒకటి ఒప్పుకోవాలి. ఆలస్యానికి ఆయన ఏనాడూ సాకులు చెప్పలేదు. తలుపు తీసుకుని నింపాదిగా లోపలికొచ్చి, మేమే తొందరపడి ముందొచ్చేసినట్టు మా వంక జాలిగా చూసేవారు. తాను పెట్టిన మీటింగ్‌కే అరగంట లేటుగా వచ్చి "ఎంతవరకు వచ్చారు?" అని అడిగేవారు. మేం నోరు తెరిచేలోపే "సరే, మొదట్నుంచి వద్దాం" అనేవారు.

ఇక ఆ మీటింగులు! మార్కర్ మూత తీసి బోర్డు దగ్గర నిలబడతారు. ఏమీ రాయరు. కాసేపటికి మూత టక్కున పెడతారు. హమ్మయ్య, అయిపోయిందని మేం పుస్తకాలు మూస్తాం. మళ్లీ మూత తీస్తారు. ఆయన హయాంలో మార్కర్లన్నీ రాసి అయిపోలేదు, గాలికి ఎండిపోయాయి. స్టోర్స్ వాళ్లు ఇక్కడే ఉన్నారు, అడగండి.

"చివరిగా ఒక్క మాట" అన్నారంటే సగం అయిందని అర్థం. కొత్తగా చేరిన ఓ కుర్రాడు అది నిజమనుకుని బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. పాపం, బ్యాగుతోనే గంటసేపు కూర్చున్నాడు. మీటింగులు తగ్గించడం ఎలా అని కూడా ఓ మీటింగ్ పెట్టారు. దాని మినిట్స్ నేనే రాశాను. తీర్మానం ఒకటే: వచ్చే మీటింగ్‌లో చర్చించాలి.

నవ్వింది చాలు, ఒక సంగతి చెప్తాను. ఒకసారి మా సెక్షన్‌లో లెక్కలు తారుమారై, పైనుంచి ఓ పెద్దాఫీసరు దిగాడు. "ఎవరు చేశారో పేరు చెప్పండి" అన్నాడు. తప్పు చేసిన పిల్లాడు వణికిపోతున్నాడు. మూర్తిగారు లేచి, మార్కర్ మూత తీసి, "కొంచెం నేపథ్యం చెప్తాను సార్" అన్నారు. అంతే! రెండు గంటల తర్వాత ఆ ఆఫీసరు వాచీ చూసుకుని, "మీరే చూసుకోండి" అని లేచి వెళ్లిపోయాడు. పేరు ఈ రోజుకీ బయటికి రాలేదు. ఆ పిల్లాడు ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని తల దించుకుంటున్నాడు. నేను మాత్రం చెప్పను.

మేడమ్, రేపట్నుంచి ఈయన మీ సెక్షన్‌కి బదిలీ. చార్జ్ అప్పగిస్తున్నాం, వాపసు తీసుకోం. ఇంట్లో బోర్డు మాత్రం తగిలించనివ్వకండి.

సార్, మైకు మీదే. ఐదు నిమిషాలే మాట్లాడతానని మాటిచ్చారు. అందుకే హాలు రాత్రి పదింటిదాకా తీసుకున్నాం.