కరపత్రంలోని ఏడు వాక్యాలు: పాఠంతో సరిచూసిన పత్రం

గ్రంథాలయం యువకులకు,

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో పంచడానికి తాగునీటిలోని ఫ్లోరైడ్ గురించి మీరు రాసిన కరపత్రాన్ని, దానితో పాటు ఇచ్చిన పాఠాన్ని రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఒక్కటే: కరపత్రంలోని మాటలకు ఈ పాఠం సాక్ష్యం చెబుతుందా, లేదా? అందుకే నాకు తెలిసినవి, ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన అనుభవం, ఊళ్లో విన్నవి అన్నీ పక్కన పెట్టాను. ప్రతి వాక్యానికీ మూడు తీర్పుల్లో ఒకటి ఇచ్చాను. పాఠం ఆ మాటే చెబితే ‘సమర్థితం’, కాదంటే ‘విరుద్ధం’, దాని గురించి ఏమీ తేల్చకపోతే ‘సమాచారం చాలదు’. మూడో తీర్పుకు అర్థం మీ వాక్యం అబద్ధమని కాదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే మీలో ఒకరికి కోపం వస్తుందని నాకు తెలుసు.

పాఠం

“నల్లగొండ ప్రాంతపు నేల కింద గ్రానైటు రాళ్లున్నాయి. ఆ రాళ్లలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీరు ఎక్కువకాలం వాటిని అంటిపెట్టుకుని ఉండేకొద్దీ ఫ్లోరైడ్ కరిగి నీటిలో చేరుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. వేరే నీటి వనరు లేనిచోట మాత్రమే 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది. పళ్లు ఏర్పడే చిన్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీరు తాగితే పళ్లపై మచ్చలు పడతాయి. అలాంటి నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు దెబ్బతింటాయి. నీటిని మరిగించినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యేది నీరే. ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. ఇందులో నీటికి సున్నం, పటిక కలిపి తిప్పి, మడ్డి అడుగుకు చేరాక పైతేటను తీసుకుంటారు. క్రిములు చావడానికి బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారు. ఇంటింటికీ నల్లా నీరు ఇచ్చే పథకానికి 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు. మిషన్ భగీరథ పేరుతో దాన్ని 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని ప్రారంభించారు.”

1. “బోరు నీటిని బాగా మరిగించి చల్లార్చి తాగితే ఫ్లోరైడ్ భయం ఉండదు.”
తీర్పు: విరుద్ధం.
సాక్ష్యం: “నీటిని మరిగించినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యేది నీరే.”
కరపత్రం మొత్తంలో హాని చేసే వాక్యం ఇదే. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటిని నాలుగు లీటర్లు పొయ్యి మీద పెట్టారనుకోండి. కాగి కాగి మూడు లీటర్లయింది. మొదట ఉన్న 12 మిల్లీగ్రాములూ ఆ మూడు లీటర్లలోనే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు లీటరుకు 4. ఈ లెక్క నాది, పాఠంలో లేదు. అందుకే సాక్ష్యం వరుసలో పెట్టలేదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, అది వేరే సంగతి. ఈ వాక్యం తీసేయండి.

2. “నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వాడతారు.”
తీర్పు: సమర్థితం.
సాక్ష్యం: “ఇందులో నీటికి సున్నం, పటిక కలిపి తిప్పి, మడ్డి అడుగుకు చేరాక పైతేటను తీసుకుంటారు”. బ్లీచింగ్ పౌడర్‌ను మీరు వదిలేశారు గానీ, వదిలేసినంత మాత్రాన వాక్యం తప్పు కాదు.

3. “నల్లగొండ పద్ధతిని నల్లగొండలోనే కనిపెట్టారు.”
తీర్పు: సమాచారం చాలదు.
దీనికి మొదట పెన్సిలుతో ‘విరుద్ధం’ అని రాసుకున్నాను. సంస్థ నాగపూర్‌లో ఉంది కదా అనిపించింది. మళ్లీ చదివితే పాఠంలో ఉన్నది “నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది” అని మాత్రమే. అది సంస్థ చిరునామా. నాగపూర్ సంస్థవాళ్లు మన దగ్గరికి వచ్చి, మన నీళ్లతోనే ప్రయోగాలు చేసి ఉండవచ్చు, చేయకపోయి ఉండవచ్చు. పాఠం ఆ ఊసే ఎత్తలేదు. పేరులో నల్లగొండ ఉంది కాబట్టి ఇక్కడే పుట్టిందనడమూ కుదరదు. పెన్సిలు గీత చెరిపేశాను.

4. “లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ ఊళ్లోనైనా ప్రమాణం ప్రకారం సరే.”
తీర్పు: విరుద్ధం.
సాక్ష్యం: “వేరే నీటి వనరు లేనిచోట మాత్రమే 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది.”
అంకె సరైనదే, దాని పక్కన మీరు పెట్టిన “ఏ ఊళ్లోనైనా” అన్న మాట కొంప ముంచింది. పాఠంలో ‘మాత్రమే’ అనే షరతు ఉంది. ఇంటి ముందు నల్లా ఉన్న ఊరికి లెక్క 1 మిల్లీగ్రాము. అంకెను చూసి టిక్కు పెట్టేస్తే ఇలాంటివి దొరకవు.

5. “బోరు ఎంత లోతుగా వేస్తే ఫ్లోరైడ్ అంత ఎక్కువ.”
తీర్పు: సమాచారం చాలదు.
“నీరు ఎక్కువకాలం వాటిని అంటిపెట్టుకుని ఉండేకొద్దీ” అన్న ముక్క చూసి రాసినట్టున్నారు. అది కాలం గురించి చెప్పిన మాట, లోతు గురించి కాదు. లోతు నీరంటే పాత నీరే అని మనం మధ్యలో ఒక మెట్టు కట్టుకున్నాం. ఆ మెట్టు పాఠంలో లేదు.

6. “మిషన్ భగీరథను చౌటుప్పల్‌లో ప్రారంభించారు.”
తీర్పు: విరుద్ధం.
సాక్ష్యం: “మిషన్ భగీరథ పేరుతో దాన్ని 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని ప్రారంభించారు.”
చౌటుప్పల్‌లో జరిగింది పైలాన్ ఆవిష్కరణ. హైదరాబాద్ బస్సులో వెళ్తూ ఆ పైలాన్‌ను చూసినవారు రాసి ఉంటారు. “2015 జూన్ 8న చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించారు” అని మార్చితే వాక్యం నిలబడుతుంది.

7. “భగీరథ నీళ్లు వచ్చాక మన మండలంలో ఏ పిల్లవాడి పళ్లకూ మచ్చలు రాలేదు.”
తీర్పు: సమాచారం చాలదు.
పాఠంలో దగ్గరగా వచ్చే మాట ఒకటే: “పళ్లు ఏర్పడే చిన్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీరు తాగితే పళ్లపై మచ్చలు పడతాయి.” అది కారణం చెబుతుంది. మన మండలంలో ఎవరు ఏ నీళ్లు తాగారో, ఎందరి పళ్లు చూశారో చెప్పదు. పథకం ప్రారంభించిన తేదీ ఉంది. మన వీధి నల్లాలోకి నీళ్లు వచ్చిన తేదీ లేదు.
దీని మీదే మీకు కోపం వస్తుందన్నాను. నేను పాఠాలు చెప్పిన తొలి ఏళ్లలో మొదటి బెంచీ పిల్లలు నవ్వేటప్పుడు అరచేయి నోటికి అడ్డం పెట్టుకునేవారు. పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడకూడదని. పదవీ విరమణకు ముందు ఏళ్లలో ఆ చేతులు అంతగా లేవలేదు. అది నేను కళ్లారా చూసినదే. అయినా నేను పాఠం కాను, నా తరగతి మండలం కాదు. పైగా మీరు “ఏ పిల్లవాడి” అన్నారు. మచ్చలున్న ఒక్క పిల్లవాడిని తల్లి చెయ్యి పట్టుకుని తెచ్చి నిలబెడితే మీ కరపత్రం మొత్తం చెల్లకుండా పోతుంది. ఈ వాక్యం ఉంచాలనే పట్టుదల ఉంటే ముందు బడుల్లో పళ్లు చూసి, పేర్లు లేకుండా లెక్క రాసుకుని రండి. అప్పుడు ఆ లెక్కతో మళ్లీ సరిచూస్తాను.