మా అమ్మ కంటి ఆపరేషన్ బిల్లు తిరస్కరణపై అప్పీలు

గుంటూరు,
6 అక్టోబరు 2025

మానవ వనరుల విభాగం జనరల్ మేనేజర్,
వైద్య ఖర్చుల అప్పీళ్ల కమిటీ అధ్యక్షులు గారికి,

విషయం: 22 సెప్టెంబరు 2025న తిరస్కరించిన నా వైద్య ఖర్చుల క్లెయిమును (రూ. 42,490) విధానంలోని 11.1 నిబంధన కింద పునఃపరిశీలించమని వినతి.

అయ్యా,

మా అమ్మకు ఆగస్టు 18న విజయవాడ సూర్యారావుపేటలోని ఒక కంటి ఆసుపత్రిలో కుడి కంటి శుక్లానికి ఆపరేషన్ జరిగింది. సెప్టెంబరు 1న నేను బిల్లులు సమర్పించాను. ఆ క్లెయిమును రెండు కారణాలతో తిరస్కరిస్తున్నట్లు 22వ తేదీన లేఖ వచ్చింది. రోగి 24 గంటలు ఆసుపత్రిలో లేరన్నది ఒకటి. నాకు పెళ్లయింది కాబట్టి, అమ్మ చీరాలలో మా తమ్ముడి దగ్గర ఉంటున్నారు కాబట్టి ఆమె నా ఆధారితురాలు కారన్నది రెండోది. 1 ఏప్రిల్ 2023 నుంచి అమల్లో ఉన్న మన వైద్య ఖర్చుల చెల్లింపు విధానాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాకే ఈ అప్పీలు రాస్తున్నాను. ఆ రెండు కారణాలకూ అందులో ఆధారం లేదు. కింద ఉటంకించిన వాక్యాలన్నీ ఉద్యోగులకు ఇచ్చిన తెలుగు ప్రతిలోనివే.

24 గంటల విషయం త్వరగా తేలిపోతుంది. తిరస్కరణ లేఖలో 4.2 నిబంధనను చూపారు. దాని కిందనే ఉన్న 4.3 ఇలా చెబుతోంది: "అనుబంధం-బిలో పేర్కొన్న డే కేర్ చికిత్సలకు 24 గంటల నియమం వర్తించదు. మత్తు ఇచ్చి, ఆపరేషన్ థియేటర్‌లో చేసి, అదే రోజు డిశ్చార్జి చేసినా వాటిని ఇన్‌పేషెంట్ చికిత్సగానే పరిగణించాలి." అనుబంధం-బిలో ఆరో పేరు శుక్లం ఆపరేషన్, లెన్స్ అమరికతో సహా. అమ్మను ఉదయం ఎనిమిదిన్నరకు చేర్చుకుని, కంటికి మత్తు ఇచ్చి, ఫేకో పద్ధతిలో ఆపరేషన్ చేసి, మధ్యాహ్నం మూడు నలభైకి పంపించారు. డిశ్చార్జి సమ్మరీలో ఈ సమయాలన్నీ ఉన్నాయి. ఒకప్పుడు ఈ ఆపరేషన్‌కు కుట్లు వేసి, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. ఇప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల కోతతో పని అయిపోతోంది. వైద్యం మెరుగై ఆసుపత్రిలో ఉండే సమయం తగ్గిన చికిత్సలు బీమాకు దూరం కాకూడదనే కదా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా డే కేర్‌కు ప్రత్యేక నిర్వచనం ఇచ్చింది. మన 4.3 నిబంధన కూడా ఆ అర్థంతోనే ఉంది.

నన్ను ఎక్కువగా బాధించింది రెండో కారణం. దాని గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి.

3(ఇ) నిబంధన పూర్తి పాఠం ఇది: "ఉద్యోగి తల్లి లేదా తండ్రి నెలసరి ఆదాయం రూ. 9,000 మించకుండా, పోషణకు ప్రధానంగా ఉద్యోగిపై ఆధారపడినట్లయితే వారు ఆధారితులు. ఉద్యోగితో కలిసి నివసించడం తప్పనిసరి కాదు." ఇక్కడ ఉన్న మాట 'ఉద్యోగి'. కొడుకు అని లేదు, పెళ్లికాని కూతురు అని లేదు. కలిసి ఉండాలన్న షరతు పెట్టకపోవడమే కాదు, అది అక్కర్లేదని రాసి మరీ చెప్పారు. కాబట్టి చూడవలసినవి రెండే: ఆదాయం, పోషణ. నాన్న పోయాక అమ్మకు వస్తున్న ఆదాయం ప్రభుత్వ వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు మాత్రమే. పొలం లేదు, అద్దెలు లేవు. తమ్ముడు మగ్గం నేస్తాడు. పని ఉన్న నెలలో కూడా ఇద్దరు పిల్లల చదువుకే అతని సంపాదన సరిపోదు. అమ్మ మందులకు, సరుకులకు ప్రతి నెలా నేను 6,000 రూపాయలు ఆమె ఖాతాకు పంపుతున్నాను. గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేశాను. అమ్మ తమ్ముడి ఇంట్లో ఉండటానికి కారణం ఆమె పుట్టి పెరిగిన ఊరు అది కావడమే.

ఇది మీ విభాగానికి తెలియని సంగతి కూడా కాదు. ఏప్రిల్‌లో నేను ఇచ్చిన ఆధారితుల డిక్లరేషన్‌లో అమ్మ పేరు, చీరాల చిరునామా, పింఛను వివరం ఉన్నాయి. దాన్ని ఆమోదించి అమ్మ పేరుతో వైద్య కార్డు ఇచ్చారు. అప్పటి నుంచి ప్రతి నెలా నా జీతంలో 'తల్లిదండ్రుల వాటా' కింద 400 రూపాయలు కోత పడుతోంది. తిరస్కరణ లేఖ వచ్చిన తర్వాత ఇచ్చిన సెప్టెంబరు జీతంలోనూ ఆ కోత ఉంది. వాటా తీసుకునేటప్పుడు ఆధారితురాలైన మనిషి, బిల్లు పెట్టేటప్పుడు కాకుండా పోవడం న్యాయం కాదు. పెళ్లయి, తల్లిదండ్రులు ఊళ్లో ఉంటున్న మగ సహోద్యోగులకు ఇదే నిబంధన కింద చెల్లింపులు జరిగాయి. వాళ్లకు చెల్లించడం సరైనదే. నేను అడిగేది కూడా అదే.

చట్టం కూడా ఈ తేడాను ఒప్పుకోదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం, 2007లో 'పిల్లలు' అన్న నిర్వచనంలో కొడుకుతో పాటు కూతురూ ఉంది, పెళ్లయిన కూతురికి మినహాయింపు లేదు. అంతకు 20 ఏళ్ల ముందే, 1987లో, విజయా మనోహర్ అర్బట్ కేసులో సుప్రీంకోర్టు, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రుల బాధ్యత పెళ్లయిన కూతురి మీదా ఉంటుందని తీర్పు ఇచ్చింది. చట్టం నా మీద పెట్టిన బాధ్యతను నెరవేరుస్తున్నందుకు విధానం ఇచ్చే సాయాన్ని నాకు నిరాకరించడం సరికాదు.

ఇక మొత్తం. ఆపరేషన్ ప్యాకేజీ రూ. 24,000, లెన్స్ రూ. 14,500, కలిపి రూ. 38,500. 5.6 నిబంధన ప్రకారం "ఆపరేషన్, లెన్స్ కలిపి ఒక కంటికి రూ. 40,000" పరిమితికి ఇది లోపలే ఉంది. ఆపరేషన్‌కు ముందు చేసిన కంటి కొలతలు, షుగరు, ఈసీజీ పరీక్షలకు రూ. 2,350, తర్వాత వాడిన చుక్కల మందులకు రూ. 1,640 అయ్యాయి. ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులను 5.2 విడిగా అనుమతిస్తోంది. కళ్లద్దాలకు అయిన 1,800 రూపాయలు 7.3 ప్రకారం చెల్లించరు కాబట్టి దాన్ని మొదటే క్లెయిములో చేర్చలేదు.

కాబట్టి తిరస్కరణను రద్దు చేసి రూ. 42,490 మంజూరు చేయమని కోరుతున్నాను. 11.3 నిబంధన ప్రకారం కమిటీ 21 రోజుల్లో రాతపూర్వకంగా, నిబంధన సంఖ్యతో సహా నిర్ణయం తెలపాలి. ఏ భాగమైనా మంజూరు కాకపోతే ఏ నిబంధన కింద కాలేదో చెప్పండి. కమిటీ ముందు హాజరై మాట్లాడే అవకాశం ఇస్తే తప్పకుండా వస్తాను.

గడువు గురించి గట్టిగా అడగడానికి కారణం ఉంది. అమ్మ ఎడమ కంట్లోనూ శుక్లం గట్టిపడుతోందని, నవంబరులో ఆపరేషన్ చేయించమని డాక్టరు రాసిచ్చారు. చేతిలో ఉన్న డబ్బు మొదటి కంటికే అయిపోయింది. మీ నిర్ణయం తెలిస్తేనే నేను తేదీ ఖాయం చేయగలను.

ఇట్లు,
మీ విధేయురాలు,
సీనియర్ కెమిస్ట్, నాణ్యతా పరీక్షల విభాగం
ఉద్యోగి సంఖ్య 2147

జతచేసినవి: తిరస్కరణ లేఖ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల నకళ్లు (అసలు బిల్లులు సెప్టెంబరు 1న మీ కార్యాలయంలోనే ఇచ్చాను), లెన్స్ స్టిక్కరు, పింఛను పత్రం నకలు, ఆమోదించిన డిక్లరేషన్, అమ్మ వైద్య కార్డు నకలు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎడమ కంటికి డాక్టరు రాసిచ్చిన చీటీ.