కొబ్బరికాయల సరఫరా: మార్చి–జూన్ సీజన్‌కు ధ్రువీకరణ

అంబాజీపేట
తేదీ: 20 ఫిబ్రవరి 2026

కొనుగోలు విభాగం మేనేజర్ గారికి,
కొబ్బరి పొడి యూనిట్, రావులపాలెం

అయ్యా,

గత వారం మీరు మా యార్డుకు వచ్చినప్పుడు అనుకున్న విషయాలను మా కొబ్బరి రైతుల సహకార సంఘం కమిటీ ఆమోదించింది. వాటిని ఈ ఉత్తరంతో ఖరారు చేస్తున్నాం.

ఈ సీజన్లో మీకు 4,05,000 వలిచిన కాయలు ఇస్తాం. లోడుకు 15,000 చొప్పున మొత్తం 27 లోడులు. మార్చిలో 5, ఏప్రిల్‌లో 8, మేలో 9, జూన్‌లో 5. ఉగాది ముందు మార్కెట్లో ధర పెరిగినా మీకు ఒప్పుకున్న కాయ బయటికి పోదు. దింపు తేదీలు కూడా ఈ లెక్క ప్రకారమే రైతులకు చెప్పేశాం.

పొడికి ముదురు కాయే కావాలన్నారు కాబట్టి పదకొండు నెలలు నిండిన గెలలే దింపిస్తాం. వలిచిన కాయ 500 గ్రాములకు తగ్గకూడదు, కదిపితే నీళ్లు పలకాలి, కళ్ల మీద పిలక ఉండాలి. పిలక పీకేస్తే కళ్ల దగ్గర బూజు పట్టి కాయ త్వరగా పాడవుతుంది, ఈ మాట వలుపు కూలీలకు గట్టిగా చెప్పాం. పగిలినవి, మొలకెత్తినవి, నల్లి పట్టి వంకర తిరిగినవి పక్కన పెడతాం. వందకు మూడు దాకా తేడా వస్తే లోడు తీసుకోవాలి, అంతకు మించితే ఆ రాశిని మళ్లీ ఏరిస్తాం.

కాలువలు కట్టేశాక తోటలకు నీరు తగ్గుతుంది. తెల్లదోమ బెడద కూడా పూర్తిగా పోలేదు. అందుకని జూన్ లోడులకు మాత్రం బరువు 470 గ్రాములుగా పెట్టాలని అడిగాం, మీరు సరేనన్నారు.

మాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి తనిఖీ. లెక్క, తూకం, కాయ కొట్టి చూడటం అన్నీ మా యార్డులోనే, మీ మనిషి ఎదుట, లోడు ఎత్తకముందే పూర్తి కావాలి. ప్రతి లోడులో వంద కాయలు తూచి, ఇరవై కొట్టి చూసి, రెండు వైపులా సంతకం పెట్టిన చీటీయే చివరి మాట. పోయిన సీజన్లో వేరే కొనుగోలుదారు ఒకరు లోడు చేరాక కోతలు పెట్టారు. రైతు చూడని చోట పెట్టిన కోతను ఈసారి మేం ఒప్పుకోం.

లారీ మార్చిలో, జూన్‌లో మంగళవారాలు, ఏప్రిల్‌లో, మేలో మంగళ, శుక్రవారాలు ఉదయం ఏడింటికల్లా రావాలి. కాలువ గట్ల మీదకు పెద్ద లారీ రాదు. తోటల నుంచి యార్డుకు ట్రాక్టర్ల మీద తెచ్చే ఖర్చు మాది, ఎగుమతి కూలీ, లారీ కిరాయి మీవి. రాలేకపోతే రెండు రోజుల ముందే ఫోన్ చేయండి. వలిచిన కాయ మే నెల ఎండలో ఉంటే పగుళ్లిస్తుంది, ఆ నష్టం రైతుది కాకూడదు. ముందు చెప్పకుండా లారీ ఆగితే పగిలిన కాయలకూ ఒప్పంద ధరే కట్టాలి.

ధర, ఏడు రోజుల్లో చెల్లింపు ఇదివరకటి ఒప్పందం ప్రకారమే.

మొదటి లోడు మార్చి 3, మంగళవారం. ఈ ఉత్తరం నకలుపై సంతకం చేసి ఫిబ్రవరి 27లోగా పంపండి.

ఇట్లు,
అధ్యక్షుడు, కార్యదర్శి
కొబ్బరి రైతుల సహకార సంఘం, అంబాజీపేట