తీరిగ్గా ఉన్నప్పుడు చదువు, ఏం?

బుజ్జీ,

కోపం తగ్గిందా అని అడగనులే. తగ్గాలని నేను తొందరపెట్టడమూ బావుండదు. ఎదురుగా కూర్చునే చెబుదామనుకున్నా గానీ, నోరు విప్పితే మధ్యలో ఎక్కడో నన్ను నేనే వెనకేసుకొస్తానేమోనని భయమేసింది. అందుకే రాస్తున్నా.

తప్పు నాదే రా. నాన్న స్కాన్ రిపోర్టు కనబడలేదని నీ మీద అంతలా అరిచాను చూడు, అది చాలా తప్పు. రిపోర్టు నా బ్యాగులోనే ఉంది, ల్యాప్‌టాప్ వెనక అరలో. పెట్టింది కూడా నేనే. అయినా అసలు సంగతి అది కాదు. నిజంగా నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయావే అనుకో, అయినా సరే, అక్క ముందు "నీకో పని అప్పజెబితే ఇంతే" అనొచ్చా నేను? రిపోర్టు దొరికింది కాబట్టి సారీ చెబుతున్నాడు అని మాత్రం అనుకోకు. దొరక్కపోయినా చెప్పాల్సిందే కదా.

ఆ ఫైలు ఇవాళ ఓ పద్ధతిలో ఉందంటే అది నీ వల్లే. చీటీలన్నీ తేదీల వారీగా సర్ది, ఏ మాత్ర పొద్దునో ఏది రాత్రో అట్ట మీద రాసి, డాక్టరుగారిని అడగాల్సినవి గుర్తుగా వెనక పేజీలో రాసిపెట్టింది నువ్వే. మా నాన్నకి షుగర్ ఎంతుందని ఎవరైనా నన్నడిగితే నేను నీ వైపే చూస్తా. అలాంటి నిన్ను పట్టుకుని అంత మాటన్నాను. రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

దానికన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది తర్వాత జరిగింది. అక్క వెళ్ళాక నువ్వు గదిలోకొచ్చి మెల్లిగానే అడిగావు, "అందరి ముందూ అలా అనేశావేంటి" అని. అప్పుడైనా "అవును, అనకూడదు" అంటే అయిపోయేది. నేనేమో "నాన్నకి ఒంట్లో బాలేక నేనేడుస్తుంటే ఇప్పుడిదొకటా" అన్నా. అదీ, విసురుగా. నాన్న జబ్బుని అడ్డం పెట్టుకుని నీ నోరు మూయించాను బుజ్జీ. ఆయన గురించి నాకెంత దిగులో నీకూ అంతే అని తెలిసి కూడా. ఇక నువ్వేం మాట్లాడతావు, పాపం. "సరేలే" అనేసి వెళ్ళిపోయావు. నేను దాన్ని గొడవ తీరిపోవడం అనుకున్నా, చూడు!

ఒక్క మాట చెప్పనా? సాకు అనుకోకు మరి. ఆ రోజు పొద్దున డాక్టరుగారు ఇంకో పరీక్ష చేయించమన్నప్పటి నుంచీ నాకు లోపల ఒకటే వణుకు. ఆ సంగతి నీతో చెప్పుకోవాల్సింది. చెప్పుకోలేదు సరికదా, అదంతా నీ మీద చూపించాను. భయపడటం తప్పు కాదేమో గానీ, దాన్ని తీసుకొచ్చి నీ నెత్తిన వేయడం తప్పే.

నువ్వన్న మాటలు నేనేం మనసులో పెట్టుకోలేదు. "నేనీ ఇంట్లో జీతం లేని నర్సునా" అన్నావు కదా, గుచ్చుకున్న మాట నిజమే. కానీ నువ్వు అలా అనేదాకా తెచ్చింది నేనేగా. దానికి నువ్వు మళ్ళీ నాకు సారీ చెప్పొద్దు, ప్లీజ్.

అక్కకి ఫోన్ చేసి చెప్పేశాను, రిపోర్టు నా దగ్గరే ఉందని, నిన్ను అనవసరంగా అన్నానని. ఆవిడ ముందు అన్నాను కాబట్టి ఆవిడ ముందే వెనక్కి తీసుకోవాలి అనిపించింది. "పోనీ నేను మాట్లాడనా తనతో" అంది గానీ వద్దన్నా. నా తరఫున ఇంకొకళ్ళు నచ్చజెప్పడం ఏం బావుంటుంది?

ఇక మీదట కోపమే రాదని ఒట్టేస్తే అబద్ధమే అవుతుంది. నలుగురిలో మాత్రం నిన్ను మాటనను. అది గట్టిగా చెప్పగలను. ఫైలు కూడా ఇకనుంచి నేనే చూసుకుంటా. మొదట్లో కాస్త తికమక పడతానేమో, అప్పుడు అడుగుతా, చెప్పు సరేనా?

నీ మనసులో ఇంకా ఏమైనా ఉంటే అనెయ్. ఈసారి మధ్యలో అడ్డురాను, నిజంగా. ఇవాళ మాట్లాడబుద్ధి కాకపోతే వద్దులే, నీకు ఎప్పుడనిపిస్తే అప్పుడే.

సాయంత్రం నాన్నని రక్తపరీక్షకి నేనే తీసుకెళ్తున్నా. నువ్వు రావాల్సిన పన్లేదు, కాసేపు పడుకో. రాత్రంతా నిద్రపోలేదు నువ్వు, నాకు తెలుసు.

సారీ రా.