యాక్షన్ పొటెన్షియల్: అభ్యాస ప్రశ్నలు, జవాబులు

ప్రశ్నలన్నిటికీ ఒకే ఆక్సాన్. రెస్టింగ్ పొటెన్షియల్ -70 mV, త్రెషోల్డ్ -55 mV, శిఖరం +35 mV. సోడియం లోపల 15, బయట 150. పొటాషియం లోపల 150, బయట 5 mmol/L. ఉష్ణోగ్రత 37 °C.

1. పొటెన్షియల్ -55 నుంచి +35 mVకి ఎగబాకేటప్పుడు పొరలో ప్రధానంగా జరిగేది?
ఎ) పొటాషియం బయటికి పోవడం
బి) సోడియం లోపలికి రావడం
సి) క్లోరైడ్ లోపలికి రావడం
డి) సోడియం-పొటాషియం పంపు ఆగిపోవడం

జవాబు: బి.

2. సోడియం ఈక్విలిబ్రియం పొటెన్షియల్ +61 mV. శిఖరం +35 దగ్గరే ఆగడానికి కారణం?
ఎ) బయట సోడియం అయిపోవడం
బి) పంపు సోడియాన్ని అప్పటికప్పుడు తోడేయడం
సి) సోడియం చానళ్లు ఇనాక్టివేట్ అవుతుండగా పొటాషియం చానళ్లు తెరుచుకోవడం
డి) కాల్షియం లోపలికి రావడం

జవాబు: సి. ఎక్కువమంది పొరబడేది 'బి' దగ్గర. పంపు ఒక్కో చక్రంలో 3 సోడియం అయాన్లను బయటికి పంపి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. మిల్లీసెకన్లలో ముగిసే స్పైక్‌ను దించేంత వేగం దానికి లేదు. 'ఎ' కూడా కుదరదు: ఒక స్పైక్‌కు దాటే అయాన్లు అతి స్వల్పం, గాఢతలు దాదాపు కదలవు.

3. వాబైన్‌తో పంపును ఆపిన వెంటనే ఆక్సాన్‌ను ప్రేరేపిస్తే?
ఎ) స్పైక్ రాదు
బి) స్పైక్ వస్తుంది, రీపోలరైజేషన్ జరగదు
సి) స్పైక్ దాదాపు మామూలుగానే వస్తుంది
డి) శిఖరం సగానికి పడిపోతుంది

జవాబు: సి. 2వ ప్రశ్న అర్థమైతే ఇది ఉచితంగా వచ్చే మార్కు. గ్రేడియెంట్లు కరిగిపోయే కొద్దీ మాత్రం స్పైక్‌లు తగ్గి, చివరికి ఆగిపోతాయి.

4. స్పైక్ తర్వాత పొటెన్షియల్ కాసేపు -70 కంటే కిందికి దిగడానికి కారణం?
ఎ) పొటాషియం చానళ్లు ఆలస్యంగా మూసుకోవడం
బి) సోడియం చానళ్లు మళ్లీ తెరుచుకోవడం
సి) బయట పొటాషియం పెరగడం
డి) త్రెషోల్డ్ మారడం

జవాబు: ఎ. పొటెన్షియల్ -90 mV వైపు జారుతుంది.

5. బయటి పొటాషియం 5 నుంచి 10 mmol/Lకి పెరిగి అక్కడే నిలిచిపోయింది. సరైన వాక్యం?
ఎ) పొర హైపర్‌పోలరైజ్ అవుతుంది
బి) రెస్టింగ్ పొటెన్షియల్ మారదు
సి) పొర డీపోలరైజ్ అవుతుంది, ఉత్తేజనీయత ఎప్పటికీ పెరిగే ఉంటుంది
డి) పొర డీపోలరైజ్ అవుతుంది, కొంతసేపటికి ఉత్తేజనీయత తగ్గవచ్చు

జవాబు: డి. లెక్క వేసి చూడండి:

```
E_K = 61 × log(5/150)  ≈ -90 mV
E_K = 61 × log(10/150) ≈ -72 mV
```

18 mV తేడా. రెస్టింగ్ పొటెన్షియల్ పూర్తిగా అంత కదలకపోయినా త్రెషోల్డ్‌కు దగ్గరవుతుంది, అందుకే మొదట చిన్న ప్రేరణకే స్పైక్ వస్తుంది. 'సి' ఎంచుకున్నవారు ఇక్కడే ఆగిపోయారు. డీపోలరైజేషన్ నిలిచిపోతే సోడియం చానళ్లలో కొన్ని ఇనాక్టివేషన్ గేటు మూసుకుని ఉండిపోతాయి. పొర తగినంత నెగటివ్‌కు దిగితే గానీ ఆ గేటు తెరుచుకోదు. అబ్సల్యూట్ రిఫ్రాక్టరీ పీరియడ్‌లో ఎంత బలమైన ప్రేరణ ఇచ్చినా రెండో స్పైక్ రాకపోవడానికీ ఈ గేటే ముఖ్య కారణం.