లోపల వదిలిన అంగుళం

చీరాల: “జబ్బ దగ్గర పట్టేసింది మాస్టారూ, రేపే పెళ్లి!” ఆ అమ్మాయి జాకెట్టు బల్లమీద పెట్టింది.

“టెన్షన్ పడకమ్మా, లోపల అంగుళం గుడ్డ వదిలాను.” బ్లేడుతో కుట్టు విప్పి, పాత దారం గుర్తుకు అర అంగుళం అవతల సుద్దముక్కతో గీత గీశారాయన.

రెడీమేడ్ బట్టలు వచ్చాక చొక్కాలు, ప్యాంట్లు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. పెళ్లి జాకెట్టుకు మాత్రం ఇప్పటికీ ఒంటి కొలతే కావాలి. అరవై దాటిన ఈ టైలర్ కొట్టు నిలబడింది ఆ కొలత మీద, లోపల వదిలే ఆ అంగుళం మీద.

ఆయన కొలతల పుస్తకంలో తల్లి పేరు కిందే కూతురి పేరు. “వీళ్లమ్మ పెళ్లి జాకెట్టూ నేనే కుట్టాను.”

డబ్బులివ్వబోతే వద్దన్నారు. “మీ ఆయన చొక్కా గుడ్డ పట్రా, చాలు.”